నాలుక మీద ఉంది, కంటికి అందడం లేదు



పోయిన వారం మీటింగులో ఒకరు అడిగారు: "ఆ యాప్ గురించి ముందే అంతా చెప్పేస్తే అయిపోయేది కదా, పొడుపు కథ ఎందుకు వేశారు? మొదటిది వేసి మళ్ళీ ఎందుకు తీసేశారు?" అక్కడ రెండు ముక్కల్లో చెప్పడం నావల్ల కాలేదు. తీసేసింది నా తప్పు వల్లే కాబట్టి, తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. రేపు మన సంఘం తరఫున ఇంకెవరైనా ఇలాంటి ప్రకటన రాయాల్సి వస్తే ఉపయోగపడుతుంది.

మా మేనల్లుడు పుణెలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడని మీకు తెలుసు. వాడు, వాడి ఇద్దరు స్నేహితులు సెలవు రోజుల్లో కూర్చుని ఒక యాప్ తయారు చేస్తున్నారు. చైత్రంలో ఇంటికొచ్చినప్పుడు అన్నాడు: "మామా, యాప్ రావడానికి ఇంకా టైముంది. ఈలోపు ఎవరికి కావాలో వాళ్ళ నంబర్లు రాసుకోవాలి. వెయిటింగ్ లిస్ట్ అంటారు. దానికి ఫోటో కింద వేసే నాలుగు మాటలు నువ్వు రాయి. ఒక్కటే షరతు, అంతా చెప్పెయ్యొద్దు."

ఎందుకు చెప్పకూడదని అడిగాను. వాడి కారణం సబబుగానే ఉంది. ఇంకా చేతిలో లేని వస్తువు గురించి అంతా చెప్పేస్తే, విన్నవాడు "సరే, వచ్చాక చూద్దాం" అని మర్చిపోతాడు. పైగా చెప్పినవాటిలో సగం రేపు మారిపోవచ్చు. మారితే మాట తప్పినట్టే. కొంచెం తెలిసి కొంచెం తెలియకుండా ఉంటే మనిషి మనసు అక్కడే తిరుగుతుంది. జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆయన 1994లో కుతూహలం గురించి రాసిన వ్యాసంలో ఇదే చెప్పాడట. మనకు తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఒక సందు కనబడాలి, అప్పుడే ఆ సందు పూడ్చుకోవాలనిపిస్తుంది. బొత్తిగా ఏమీ తెలియకపోతే సందు కూడా కనబడదు.

నేను ఉత్సాహంగా రాసేశాను. మొదటి ప్రకటన ఇదీ:

"మీరు పోగొట్టుకున్నది తిరిగి మీ చేతికి రాబోతోంది! అదేంటో ఇప్పుడే చెప్పం. ముందుగా నంబర్ ఇచ్చినవాళ్ళకే. కొన్ని చోట్లే మిగిలాయి. త్వరలో..."

చక్కటి తెలుగు అక్షరాల్లో, వెనక మగ్గం బొమ్మతో వేశాం. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. రాత్రికి ఫోన్ చూసుకుంటే నంబర్లు వస్తూనే ఉన్నాయి. నా కలానికి ఇంత బలముందా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున మా గల్లీలో అందరం పెద్దవ్వ అని పిలుచుకునే ఆమె సంఘం ఆఫీసుకు వచ్చింది. మీలో చాలామందికి ఆమె తెలుసు. యాభై ఏళ్ళు బీడీలు చుట్టిన చేతులు, ఇప్పటికీ ఒళ్ళో చేట లేకుండా కూర్చోదు. ఆ రోజు చేట లేదు. ప్లాస్టిక్ సంచీలో కాగితాలున్నాయి. ఆధార్ నకలు, బ్యాంకు పుస్తకం, బీడీ కార్డు, ఎప్పటివో పీఎఫ్ చిట్టీలు. వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ చేతుల్లోనూ సంచులే.

"బిడ్డా, పైసలు ఎప్పుడిస్తరు? నంబర్ మొదటి దినమే ఇచ్చిన" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్న కుర్చీలోంచి లేవలేకపోయాను. పెద్దవ్వకు తెలుగు అక్షరాలు రావు. గ్రూపులో ఎవరో చదివి చెప్పారు: పోగొట్టుకున్నది తిరిగి చేతికొస్తుందట, ముందు నంబర్ ఇచ్చినవాళ్ళకేనట, సంఘంవాళ్ళే పెట్టారట. ఆమె పోగొట్టుకున్నది ఒకటే. పేరులో ఒక అక్షరం తేడా వచ్చి ఏళ్ళ తరబడి చేతికి రాని పీఎఫ్ డబ్బు. ఇంకేం అనుకుంటుంది? ఆ పూట బీడీలు చుట్టకుండా, ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది.

"అది పైసల సంగతి కాదు పెద్దవ్వా" అని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "మరి అట్ల రాస్తిరి ఎందుకు?" అని మాత్రం అడిగి సంచీ మూతి ముడేసుకుంది. సాయంత్రానికి ఆ ప్రకటన తీసేయించాను. నంబర్లు ఇచ్చిన అందరికీ, ఇది డబ్బుకు సంబంధించినది కాదని ఫోన్ చేసి చెప్పాం. ఎందుకు ఇచ్చారో కూడా అడిగాం. చాలామంది పింఛన్ అనో, పాత మిల్లు బకాయి అనో అనుకున్నారు. ఇద్దరు పోయిన ఫోన్ దొరుకుతుందనుకున్నారు. మా యాప్ నిజంగా ఎవరికోసమో, ఆ వయసు పిల్లలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు.

అప్పుడు మేనల్లుడూ నేనూ కూర్చుని తప్పు ఎక్కడుందో వెతికాం. నేను దాచినందుకు తప్పు జరగలేదు. దాచకూడనిది దాచినందుకు జరిగింది.

మన పొడుపు కథలు గుర్తు తెచ్చుకోండి. మంచి పొడుపు కథలో చెప్పిన ప్రతి మాటా నిజమే ఉంటుంది. దాచేది ఒక్క పేరునే. రంగు చెబుతుంది, ఆకారం చెబుతుంది, ఎక్కడ ఉంటుందో చెబుతుంది. విప్పాక "అవును కదా" అనిపిస్తుంది. నా మొదటి ప్రకటనలో రంగూ లేదు, ఆకారమూ లేదు. "పోగొట్టుకున్నది" అన్నాను, అది ఖాళీ గిన్నె. చూసినవాళ్ళు ఎవరి ఆశను వాళ్ళు అందులో పోసుకున్నారు. ఎంత కష్టంలో ఉన్నవాళ్ళకు అంత పెద్ద ఆశ. విప్పాక వాళ్ళకు "అవును కదా" అనిపించదు, "మోసం" అనిపిస్తుంది.

"కొన్ని చోట్లే మిగిలాయి" అన్నది శుద్ధ అబద్ధం. అప్పటికి చోట్లంటూ లేవు. మేనల్లుడు తల గోక్కుంటూ, పెద్ద పెద్ద యాప్‌లు కూడా జనాన్ని వరుసలో నిలబెట్టాయి అన్నాడు. 2013లో మెయిల్‌బాక్స్ అనే యాప్ వచ్చిందట. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళకు ముందు యాప్ తెరుచుకోదు, మీ ముందు ఇంతమంది ఉన్నారు, వెనక ఇంతమంది ఉన్నారు అని అంకెలు మాత్రం కనబడతాయి. ఆ అంకెలు చూసి జనం ఇంకా ఎగబడ్డారట. అయితే ఆ వరుసకు ఒక కారణముంది. అందరినీ ఒకేసారి లోపలికి వదిలితే కంప్యూటర్లు తట్టుకోలేవని కొంచెం కొంచెంగా వదిలారు. "మరి మనకు నిజమైన కారణం ఏముంది?" అని అడిగాను.

వాడు ఆలోచించి, ఒకటుంది అన్నాడు. గూగుల్ ప్లేలో కొత్తగా సొంత పేరున ఖాతా తెరిచినవాళ్ళు యాప్‌ను నేరుగా అందరికీ పెట్టడానికి లేదు. ముందు కనీసం 12 మంది దాన్ని పరీక్షకు ఒప్పుకుని, వరుసగా 14 రోజులు అందులో ఉండాలి. ఆ తర్వాతే అందరికీ పెట్టేందుకు అర్జీ పెట్టుకోవచ్చు. మధ్యలో మానేసేవాళ్ళు ఉంటారు కాబట్టి 20 మందిని తీసుకోవడం మేలు. ఇదిగో, ఇది నిజమైన లెక్క. "మొదటి విడత 20 మంది" అని ధైర్యంగా రాయొచ్చు. ఎవరడిగినా కారణం చెప్పొచ్చు. వరుస నంబర్లు చూపించే ఆలోచన మాత్రం వద్దన్నాను. మన దగ్గర అది పెడితే, "నా నంబర్ ముందుకు జరుపు" అని సంఘం ఆఫీసుకు ఫోన్లు మొదలవుతాయి.

ఇక రెండో ప్రకటన. ముందు రెండు కాలమ్‌లు గీసుకున్నాం. దాచొచ్చు అనుకున్నవి ఒకవైపు: యాప్ పేరు, అది చేసే పని, ఎలా చేస్తుందన్నది. దాచకూడనివి ఇంకోవైపు: ఎవరు తయారు చేస్తున్నారు, ఎవరికోసం, డబ్బు తీసుకుంటారా ఇస్తారా, నంబర్ దేనికి, ఎప్పటికి వస్తుంది. చదివినవాడు నంబర్ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి కావలసినవన్నీ ఈ రెండో కాలమ్‌లోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి దాచినా ఆమె సంచీ పట్టుకుని ఇంకోసారి రావాల్సి వస్తుంది.

నంబర్ విషయంలో చట్టం కూడా ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, ఎవరి వివరాలైనా వాళ్ళ ఒప్పుదలతో తీసుకునేటప్పుడు ఏం తీసుకుంటున్నారో, దేనికో చెప్పాలంటుంది. ఆ మాట ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న భాషలోనో చదువుకునే వీలుండాలంటుంది. ఆ షెడ్యూల్లో తెలుగూ ఉంది, మరాఠీ కూడా ఉంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, పక్కింటివాళ్ళ నంబర్ తీసుకుని దేనికో చెప్పకపోవడం మన పద్ధతి కాదు.

తర్వాత చోటు లెక్క. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద 2,200 అక్షరాల దాకా రాయొచ్చు. కానీ చూసేవాడికి మొదట కనబడేది సుమారు 125 మాత్రమే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. మన లిపికి ఇక్కడ ఒక చిక్కుంది. కంటికి ఒక్క అక్షరంగా కనబడే "ళ్ళే" కంప్యూటర్ లెక్కలో నాలుగు. గుడి, కొమ్ము, సున్నా, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. కాబట్టి ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు పట్టేచోట మనకు అంత పట్టదు. దాచకూడనివాటిలో అతి ముఖ్యమైనది ఆ 125 లోపలే పడాలని నియమం పెట్టుకున్నాం. చివరికి మొదటి భాగం ఇలా వచ్చింది:

"నాలుక మీద ఉంది. కంటికి అందడం లేదు. ఏంటది? సోలాపూర్ తెలుగు ఇళ్ళ కోసం మనవాళ్ళే తయారు చేస్తున్న ఒక యాప్. డబ్బుల మాట కాదు."

లెక్కపెడితే 118. నొక్కకుండా చదివేవాడికి కూడా "డబ్బుల మాట కాదు" అన్నది కనబడుతుంది. నొక్కితే మిగతాది:

"పింఛన్, పీఎఫ్, పథకాలతో సంబంధం లేదు. ఉచితం. ప్రస్తుతానికి ఆండ్రాయిడ్ ఫోన్లకే. మొదటి విడత 20 మంది, మరాఠీ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు ముందు. దసరా లోపు అందరికీ. నంబర్ ఇస్తే రెండే మెసేజులు వస్తాయి: మీ వంతు వచ్చినప్పుడు ఒకటి, అందరికీ వచ్చినప్పుడు ఒకటి. వద్దంటే నంబర్ తీసేస్తాం."

"త్వరలో" అన్న మాట పోయింది చూడండి. త్వరలో అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు, పదిరోజుల్లో మర్చిపోతారు. పండగ పేరు చెబితే గుర్తుంటుంది, తప్పితే అడిగే హక్కూ ఉంటుంది. వాడు వినాయక చవితి అన్నాడు, నేను నెల జరిపి దసరా అని రాశాను.

ఇంకో రెండు చిన్న సంగతులు. వాట్సాప్‌లో ఫోటోను ముందుకు పంపేవాళ్ళు కింద రాతను తీసేసి పంపొచ్చు. అందుకే సంఘం పేరు, "డబ్బుల మాట కాదు" అన్న ముక్క ఫోటో మీదే అచ్చు వేశాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద లింకు రాస్తే నొక్కినా తెరుచుకోదు. కాబట్టి లింకును ప్రొఫైల్లో పెట్టి, "పైన ప్రొఫైల్లో చూడండి" అని చివర చేర్చాం.

అన్నిటికంటే పెద్ద మార్పు లిపిలో. మొదటి ప్రకటన తెలుగు అక్షరాల్లో వేసి ఎంత తెలివితక్కువ పని చేశానో అప్పుడు తెలిసొచ్చింది. మా యాప్ ఎవరికోసం? తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, అలాంటి పిల్లల కోసం. వాళ్ళని తెలుగు అక్షరాలతో పిలిస్తే ఎలా పలుకుతారు? నేను తెలుగు మీడియంలో చదివాను కాబట్టి నాకది తట్టలేదు. అందుకని అవే తెలుగు మాటల్ని మరాఠీ లిపిలో రాశాం. చదివేవాడు మరాఠీ అనుకుని మొదలుపెడతాడు, రెండో మాటకి నోటిలో అమ్మమ్మ తెలుగు పలుకుతుంది. ప్రశ్న ఏంటో, జవాబేంటో అక్కడే ఉంది, కానీ పైకి చెప్పలేదు. ఇంతకంటే నిజమైన పొడుపు మేం కల్పించలేకపోయేవాళ్ళం.

వేసేముందు, ఏమీ తెలియని ఐదుగురికి చూపించాం. ఒక్కటే ప్రశ్న: "ఇదేంటనుకుంటున్నారు?" జవాబు సరిగ్గా చెప్పారా లేదా అని చూడలేదు. తప్పుగా అనుకున్నది వాళ్ళకు నష్టం తెస్తుందా అని చూశాం. మేం ఇవ్వలేనిదాన్ని ఎవరైనా ఆశపడితే ఆ మాట మార్చాలని అనుకున్నాం. ఒకబ్బాయి వంటల యాప్ అన్నాడు. ఒకామె పాటల యాప్ అంది. ఫరవాలేదు, అలా అనుకుని నంబర్ ఇచ్చినా ఎవరికీ ఒక పూట కూలి పోదు.

ఐదో మనిషి పెద్దవ్వే. నేనే వాళ్ళింటికి వెళ్ళి చదివి వినిపించాను. చేతులు ఆగలేదు, ఆకు మడుస్తూనే వింది. "నాలుక మీద ఉంది, కంటికి అందడం లేదు..." అని తనలో తాను రెండుసార్లు అనుకుంది.

"మా ఊరా?" అంది.

వాళ్ళ నాయన సిరిసిల్ల నుంచి వచ్చాడు. ఆమె పుట్టింది ఇక్కడే. ఆ ఊరు ఒక్కసారి కూడా చూడలేదు. రోజూ మాటల్లో వస్తూనే ఉంటుంది. తప్పు జవాబే, కానీ మా జవాబు కంటే బాగుంది. "కాదు, కానీ దగ్గరికొచ్చినవ్" అన్నాను. "అయితే వెయ్యి" అంది.

ఈసారి నంబర్లు మొదటిసారి వచ్చినవాటిలో సగం కూడా రాలేదు. మేనల్లుడు కొంచెం డీలాపడ్డాడు. కానీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, చిన్న పిల్లల తల్లులు. 20 మందిని తీసుకుంటే నలుగురు మధ్యలో మానేశారు, 16 మంది చివరిదాకా ఉన్నారు. 14 రోజుల లెక్క తీరింది. దసరాకి మూడు రోజుల ముందు యాప్ అందరికీ వచ్చింది.

ఇప్పుడు దాచేదేమీ లేదు కాబట్టి చెబుతున్నాను. మీ నోట్లో పలికే మాటను మరాఠీ అక్షరాల్లో కొడితే, యాప్ దాన్ని తెలుగు అక్షరాల్లో, ఒక్కో అక్షరం విడదీసి, పలికి చూపిస్తుంది. మరాఠీ రాతలో "ఎ, ఏ" తేడా, "ఒ, ఓ" తేడా ఉండదు కాబట్టి, అలాంటిచోట రెండూ పలికి "నీది ఏది?" అని అడుగుతుంది. జవాబు చెప్పేది నాలుకే.

పెద్దవ్వ మనవరాలు మొదటి 20 మందిలో ఉంది. మొన్న వాళ్ళింటికి వెళ్తే ఫోన్ తెచ్చి చూపించింది. అవ్వ అడిగిందని మొట్టమొదట కొట్టిన మాట సిరిసిల్ల. పెద్దవ్వ చేట పక్కన పెట్టి, ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది.

"ఇట్లుంటదా?" అంది.

సంఘం పేరుతో ఇకముందు నంబర్లు అడిగే ఏ ప్రకటనైనా, వేసేముందు ఒక బీడీ కార్మికురాలికి, ఒక పవర్‌లూమ్ కార్మికుడికి చదివి వినిపించి "ఏమనుకుంటున్నారు?" అని అడగాలని వచ్చే మీటింగులో తీర్మానం పెడుతున్నాను. పెద్దవ్వ పీఎఫ్ కాగితాల్లో పేరు సరిచేయించే పని కూడా అదే రోజు ఎవరికైనా అప్పగిద్దాం. సంఘం పేరు చూసే ఆమె ఆ సంచీతో వచ్చింది.